డెలివరీ నుంచి బిల్లు వెళ్లేదాకా 3.3 రోజులే అంటోంది మా రిపోర్టు. నమ్మొచ్చా?

మాధవి_ఖాతాలు | సోమవారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. మాది ప్యాకింగ్ సామాను సరఫరా చేసే కంపెనీ. నెలకు 600 డెలివరీల దాకా ఉంటాయి. అమ్మకం 1 కోటి 20 లక్షలు, అంటే రోజుకు 4 లక్షలు వేసుకోండి. కస్టమర్లకు 30 రోజుల గడువు ఇస్తాం. రావలసిన బాకీలు 1 కోటి 80 లక్షలు, అంటే 45 రోజుల అమ్మకం.

వసూళ్ల టీమ్ సరిగ్గా వెంటపడటం లేదని మా ఎండీ గారి అభిప్రాయం. నేను ఒక రోజంతా వాళ్ల పక్కన కూర్చుని ఫోన్లు విన్నాను. అవతలివాళ్లు బాకీని కాదనడం లేదు. "మీ బిల్లు మొన్ననే చేతికొచ్చిందండీ, గడువు ఇంకా ఉంది కదా" అంటున్నారు. సరుకు చూస్తే రెండు వారాల కిందటే దిగింది.

సిస్టమ్‌లో రిపోర్టు తీస్తే డెలివరీ నుంచి బిల్లుకు సగటు 3.3 రోజులని చూపిస్తోంది. మూడు రోజులకు ఇంత గొడవ ఉండదు కదా. ఎక్కడ తప్పుతోందో, అసలు దీన్ని ఎలా కొలవాలో చెప్పండి.

---

వసూళ్ల_వెంకట్ | సోమవారం, ఉదయం 10:40

మేడమ్, 45 రోజులు పెద్ద సమస్యేం కాదు. గడువుకు వారం ముందు ఒక మెసేజ్, గడువు రోజున ఒక ఫోన్, దాటితే సరుకు ఆపడం. మా దగ్గర ఈ మూడూ పెట్టాక ఆలస్యాలు సగానికి దిగాయి. మీ పాత బాకీల జాబితా ఇక్కడ పెట్టండి, ఎవరిని ముందు పట్టుకోవాలో చెబుతా.

---

పద్దు_మాస్టారు | సోమవారం, ఉదయం 11:25

వెంకట్ గారూ, ఆవిడ అడిగింది గడువు దాటిన బాకీల సంగతి కాదు. గడువు మొదలే కాని రోజుల సంగతి. బిల్లే చేరని మనిషికి మెసేజ్ పెడితే నవ్వుతాడు.

మాధవి గారూ, ముందు ఒక మాటకు జవాబు చెప్పండి. మీ రిపోర్టులో "డెలివరీ తేదీ" అనే గడిలోకి ఆ తేదీ ఎలా వస్తుంది? కస్టమర్ సంతకం పెట్టిన తేదీని ఎవరైనా చూసి కొడుతున్నారా, లేక మీ గుమాస్తా చలానా చూసుకుని "డెలివరీ అయింది" అని నొక్కిన రోజు దానంతటదే పడుతోందా? అలాగే "బిల్లు తేదీ" అంటే బిల్లు తయారైన రోజా, కస్టమర్‌కు పంపిన రోజా?

---

మాధవి_ఖాతాలు | సోమవారం, మధ్యాహ్నం 12:05

మాస్టారూ, ఇప్పుడే వెళ్లి అడిగొచ్చాను. రెండూ మీరు అనుమానించినట్టే ఉన్నాయి. సంతకం చలానా ఆఫీసుకు వచ్చాక గుమాస్తా బటన్ నొక్కిన రోజే డెలివరీ తేదీగా పడుతోంది. బిల్లు తేదీ తయారైన రోజుది. పంపిన తేదీ సిస్టమ్‌లో లేనే లేదు, మెయిల్‌లో వెతుక్కోవాలి.

---

పద్దు_మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 12:50

అయితే మీ రిపోర్టు కొలుస్తున్నది ప్రయాణంలో మధ్య ముక్క మాత్రమే. ముందు కొన్ని రోజులు, చివర కొన్ని గంటలు లెక్కలోకే రాలేదు.

దీంతోపాటు ఇంకో లోపం ఉండే అవకాశం ఉంది. ఆ రిపోర్టు ఏ నెలలో *బిల్లైన* వాటిని తీసుకుంటోంది అనుకుంటా. అలా తీస్తే ఇంకా బిల్లు కానివి ఎప్పటికీ కనిపించవు. నెలన్నరగా ఎవరి డ్రాయర్‌లోనో ఉన్న చలానా మీ సగటును ఒక్క గంట కూడా పెంచదు. తమాషా ఏమిటంటే, ఎవరో పుణ్యాత్ముడు ఆ పాత చలానాలన్నీ తీసి ఒకే వారంలో బిల్లులు కొట్టేస్తే, ఆ నెల సగటు ఒక్కసారిగా పెరిగి మీరు చెడిపోయినట్టు కనిపిస్తుంది. బాగు చేసినవాడికి చీవాట్లు పడతాయి. నేను చూశాను.

కాబట్టి ఏ నెలలో *దిగిన* సరుకు అని పట్టుకోండి. ఆ నెల ముగిసి కనీసం 45 రోజులై ఉండాలి. 600 చలానాలూ తిరగేయక్కర్లేదు. చలానా పుస్తకంలో వరస నంబర్లు ఉంటాయి కదా, ప్రతి 12వ నంబరు తీయండి, 50 వస్తాయి. కంప్యూటర్‌లోంచి తీయకండి, పుస్తకంలోంచి తీయండి. సిస్టమ్‌కు తెలియని చలానా సిస్టమ్‌లో ఎలా దొరుకుతుంది?

ఒక్కో చలానాకు నాలుగు తేదీలు రాయండి: కస్టమర్ సంతకం పెట్టింది, కాగితం మీ ఆఫీసుకు చేరింది, బిల్లు తయారైంది, బిల్లు పంపింది. ఎక్సెల్‌లో ఇవి B, C, D, E అనుకుంటే F2లో:

```
=IF(E2="",TODAY(),E2)-B2
```

బిల్లు ఇంకా వెళ్లనిది ఉంటే ఈ రోజు వరకు లెక్కేస్తుంది. ఆ వరుసలను చెరిపేయకండి, అవే అసలు కథ. మధ్య విలువకు:

```
=MEDIAN(F2:F51)
```

---

కిరణ్_సేల్స్ | సోమవారం, మధ్యాహ్నం 2:15

ఇంత శ్రమ ఎందుకండీ? సరుకు గోడౌన్ దాటగానే బిల్లు కొట్టేయండి. లారీతోపాటే బిల్లు వెళ్తుంది. ఆలస్యం సున్నా. మేం చేసేది అదే.

---

పద్దు_మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 3:02

కిరణ్ గారూ, ఒప్పందంలో గోడౌన్ గేటు దగ్గరే సరుకు కస్టమర్‌దైపోతుందని ఉంటే మీరు చెప్పింది అక్షరాలా సరైనది. అలాంటిచోట డెలివరీ కోసం ఎదురుచూడటం దండగ. కస్టమర్ దించుకుని సంతకం పెట్టాకే సరుకు వాళ్లదని ఉంటే వేరు. దారిలో రెండు పెట్టెలు తడిస్తే, బిల్లు పదికి, అందింది ఎనిమిది. వాళ్లు ఆ రెండింటి డబ్బు ఆపరు, మొత్తం బిల్లునే పక్కన పెడతారు. క్రెడిట్ నోట్ వెళ్లేదాకా అది కదలదు. పైగా నెలాఖరున గేటు దాటి ఇంకా చేరని సరుకు మీ అమ్మకంలో పడుతుంది, ఆడిటర్ ఒప్పుకోడు.

---

కిరణ్_సేల్స్ | సోమవారం, మధ్యాహ్నం 3:20

మా ఒప్పందంలో ఏముందో నిజంగా చూడలేదు సార్. రేపు చూస్తా 🙂

---

మాధవి_ఖాతాలు | గురువారం, సాయంత్రం 6:30

మూడు రోజులు పట్టింది, 50 చలానాలూ అయ్యాయి. సంతకం కింద తేదీ వేయనివి 6 ఉన్నాయి. వాటికి కస్టమర్ గేటు ముద్ర మీది తేదీ వేసుకున్నాను.

50లో 3 చలానాలకు ఈ రోజుకీ బిల్లు లేదు. వాటిలో ఒకదాని కాగితం అసలు తిరిగి రాలేదు. డ్రైవర్‌ను అడిగితే బండి డ్యాష్‌బోర్డు పెట్టె తీసి, రబ్బరు బ్యాండు వేసిన కట్ట చేతిలో పెట్టాడు. నేను వెతుకుతున్నది ఒక్కటి, ఆ కట్టలో ఉన్నవి 14. ఎండకు కొన్నిటి మీద సంతకం వెలిసిపోయింది.

మధ్య విలువ 6 రోజులు. 5 రోజుల్లోపు బిల్లు వెళ్లినవి 50కి 21 మాత్రమే. బిల్లైన 47 తీసుకుంటే సగటు 8.4 రోజులు. రిపోర్టు చెప్పే 3.3 ఎక్కడ, ఈ 8.4 ఎక్కడ!

ముక్కలుగా విడగొడదామని ఒక్కో దశకు మధ్య విలువ తీశాను కానీ, అవి కలిపితే 6 రావడం లేదు. ఫార్ములా తప్పా?

---

పద్దు_మాస్టారు | గురువారం, రాత్రి 8:10

ఫార్ములా తప్పు కాదు. దశల మధ్య విలువలు కూడితే మొత్తం మధ్య విలువ రాదు, అది దాని స్వభావం. "మామూలుగా ఒక బిల్లుకు ఎంత పడుతోంది" అనే ప్రశ్నకు మధ్య విలువ చెప్పండి. "రోజులు ఏ దశలో పోతున్నాయి" అనే ప్రశ్నకు మాత్రం సగటులే వాడండి, అవి కచ్చితంగా కూడతాయి. బిల్లైన 47 మీద తీయండి. మిగిలిన 3 గురించి విడిగా ఒక వాక్యం రాయండి.

ఆ 14 చలానాల విలువ ఎంతో కూడా కట్టి ఎండీ గారి బల్ల మీద ఆ కట్ట అలాగే పెట్టండి, రబ్బరు బ్యాండుతో సహా. గ్రాఫు కన్నా బాగా పనిచేస్తుంది.

---

మాధవి_ఖాతాలు | గురువారం, రాత్రి 9:45

సగటులు తీశాను. సంతకం నుంచి కాగితం ఆఫీసుకు చేరడానికి 4.6 రోజులు. కాగితం చేరాక లెక్క సరిపోలక ఆగినవి 2.3. బిల్లులు కొట్టే రోజు కోసం ఆగింది 1.0 (మేం వారంలో మూడు రోజులే కొడతాం). తయారయ్యాక పంపడానికి 0.5. మొత్తం 8.4.

మధ్య రెండూ కలిపితే 3.3! రిపోర్టు అంకె సరిగ్గా ఇదే. అది అబద్ధం చెప్పలేదన్నమాట, సగం చెప్పింది.

ఆ 2.3లో ఒక విషయం ఉంది. 47లో 36 బిల్లులకు ఈ దశలో ఒక్క రోజు కూడా పోలేదు. 11 బిల్లులే ఆగాయి, ఒక్కోటి సగటున 9.8 రోజులు. ఐదింటికి కస్టమర్ పీవో నంబర్ లేదు. నాలుగింటికి ఆర్డర్‌లో రేటు ఒకటి, రేట్ల పట్టికలో ఒకటి. రెండింటికి సంఖ్య తేడా.

---

లారీ_లెక్క | గురువారం, రాత్రి 10:20

డ్రైవర్ల తరఫున ఒక మాట అక్కా. నాకు 9 బండ్లు ఉన్నాయి, ఇలాంటి కంపెనీలకే తిప్పుతాను. చలానా తెచ్చి ఇవ్వడం డ్రైవర్ పని అని ఎవరూ చెప్పరు. సరుకు దించామా లేదా అనేదే అడుగుతారు. దూరం రూటు బండి వారానికి ఒకసారి మీ గేటుకు వస్తుంది, అప్పటిదాకా కాగితం బండిలోనే ఉంటుంది. మీరు కిరాయి ఎప్పుడిస్తున్నారో చూసుకోండి. ఒక కంపెనీ సంతకం చలానా జతచేస్తేనే కిరాయి బిల్లు తీసుకుంటానంది. ఆ వారం నుంచే మా వాళ్లు కాగితాలు పట్టుకుని పరిగెత్తారు.

ఇప్పుడైతే ఫోటో తీసి పంపితే చాలంటున్నారు. అది మాకూ తేలిక.

---

సునీత_పి | శుక్రవారం, ఉదయం 9:15

చివరి 0.5 చూసి తేలిగ్గా వదిలేయకండి మాధవి గారూ. పంపడం వేరు, వాళ్లు స్వీకరించడం వేరు.

మా పెద్ద కస్టమర్ ఒకరు బిల్లులు వాళ్ల పోర్టల్‌లోనే ఎక్కించమంటారు. ఎక్కించగానే "అందింది" అని పచ్చ టిక్కు వస్తుంది. మేం దాన్నే పంపిన తేదీగా రాసుకునేవాళ్లం. 40 రోజులకు డబ్బు అడిగితే, ఆ బిల్లు మూడో రోజే తిరస్కరించామన్నారు. పీవోలో ఆ వస్తువు రెండో వరుసలో ఉంటే మేం మొదటి వరుస నంబరు వేశామట. తిరస్కరించిన సంగతి పోర్టల్‌లో ఇంకో ట్యాబ్‌లో ఉంటుంది, మెయిల్ రాదు. మళ్లీ పంపితే గడువు మళ్లీ ఒకటో రోజు నుంచి. అప్పటి నుంచి మా అమ్మాయి ఒకతె రోజూ ఉదయం ఆ ట్యాబ్ తెరిచి చూస్తుంది. మొత్తం పది నిమిషాల పని.

---

పద్దు_మాస్టారు | శుక్రవారం, ఉదయం 10:30

సునీత గారు చెప్పింది నేను మరిచిన సంగతి. గడియారం ఆగవలసింది కస్టమర్ స్వీకరించిన దగ్గరే. పోర్టల్ కస్టమర్లకు E నిలువు వరుసలో ఆ తేదీయే వేయండి.

మాధవి గారూ, ప్రతి నెలా 50 చలానాలు తిరగేయడం కష్టం కాబట్టి ఒక అడ్డదారి చెబుతాను. మీ పుస్తకాల్లో రెండు నిల్వలు చూడండి: "డెలివరీ అయి బిల్లు కానివి" ఎంత, "దారిలో ఉన్న సరుకు" ఎంత?

---

మాధవి_ఖాతాలు | శుక్రవారం, ఉదయం 11:10

డెలివరీ అయి బిల్లు కానివి 13 లక్షలు. దారిలో ఉన్న సరుకు 17 లక్షలు. ఈ రెండోది మా కొనుగోలు ఖరీదు మీద.

---

పద్దు_మాస్టారు | శుక్రవారం, మధ్యాహ్నం 12:20

మొదటిది తేలిక. 13 లక్షలను రోజు అమ్మకం 4 లక్షలతో భాగించండి. 3.25. మీ రిపోర్టు అంకె మళ్లీ వచ్చింది చూశారా. బిల్లు కాకుండా ఆగి ఉన్న నిల్వను రోజు అమ్మకంతో భాగిస్తే సగటు ఆలస్యం వస్తుంది, అమ్మకాలు ఎక్కువ ఎగుడుదిగుడు లేకుండా ఉన్నంతకాలం.

రెండోదే దొంగ. ఖరీదు అమ్మకం ధరలో మూడొంతులని అనుకుంటే, అంటే 75 శాతం, 17 లక్షల సరుకు అమ్మకం ధరలో దాదాపు 22.7 లక్షలు. అంటే అయిదున్నర రోజుల పైన. మీ బండ్లు దారిలో నిజంగా ఎంతసేపు ఉంటాయి?

---

మాధవి_ఖాతాలు | శుక్రవారం, మధ్యాహ్నం 12:35

సగటున ఒక రోజు.

---

పద్దు_మాస్టారు | శుక్రవారం, మధ్యాహ్నం 12:58

అయితే నాలుగున్నర రోజుల సరుకు దారిలో లేదు. కస్టమర్ గోడౌన్‌లో ఉంది, బహుశా వాడేశారు కూడా. మీ పుస్తకాలు మాత్రం ఇంకా లారీలో ఉందనుకుంటున్నాయి. చలానాల లెక్కలో వచ్చిన 4.6తో సరిపోయింది కదా. ఇక నుంచి ప్రతి సోమవారం ఈ రెండు నిల్వలూ రోజుల్లోకి మార్చి చూసుకుంటే చాలు, మూడు నెలలకోసారి చలానాలతో సరిచూసుకోండి.

అన్నట్టు, మీ 45 రోజుల వసూలు లెక్క కూడా బిల్లు తేదీ నుంచే మొదలవుతోంది. సరుకు దిగిన రోజు నుంచి చూస్తే మీ డబ్బు 53 రోజులకు వస్తోంది. వసూళ్లవాళ్ల మీద పడ్డ నిందలో ఎనిమిది రోజులు వాళ్లవి కావు.

---

వసూళ్ల_వెంకట్ | శుక్రవారం, మధ్యాహ్నం 1:30

ఇప్పుడు అర్థమైంది. మా టీమ్‌కూ ఇది జరుగుతోందేమో చూడాలి. మొదట తప్పుగా చదివాను, క్షమించండి మేడమ్.

---

నిర్మాణ్_రఘు | శుక్రవారం, సాయంత్రం 5:40

మాది యంత్రాలు బిగించే పని. మాకు చలానా లేదు, సంతకం పెట్టాల్సింది కస్టమర్ ఇంజినీరు. పని అయిపోయి మూడు వారాలైనా "ఇంకో చిన్నది చూడండి" అంటూ ఉంటాడు. పని పూర్తయిన తేదీ అంటే మేం ముగించామన్న రోజా, ఆయన ఒప్పుకున్న రోజా? మొదటిది వేస్తే ఆయన ఆలస్యం మా ఖాతాలో పడుతుంది. రెండోది వేస్తే ఆలస్యమే కనపడదు.

---

సునీత_పి | శుక్రవారం, సాయంత్రం 6:15

రెండూ రాసుకోండి రఘు గారూ. మధ్యలో ఉన్న తేడాను "ఒప్పుకోలు కోసం ఎదురుచూపు" అని విడిగా పిలవండి.

---

నిర్మాణ్_రఘు | శుక్రవారం, సాయంత్రం 6:50

రాసుకోవచ్చు. కానీ ఆ మూడు వారాలు తగ్గించేది ఎవరు? మా ఇంజినీరు ఆయన్ని తొందరపెట్టడు, రేపు మళ్లీ ఆయనతోనే పని. ఒప్పందంలో "10 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే" అని రాయించమని లాయరు అంటున్నాడు, సేల్స్ వాళ్లు వద్దంటున్నారు.

---

మాధవి_ఖాతాలు | తొమ్మిది వారాల తర్వాత, మంగళవారం, ఉదయం 10:05

పాత థ్రెడ్ లేపుతున్నందుకు మన్నించండి. ఏం చేశామో చెబుతాను.

డ్రైవర్ దించిన చోటే సంతకం చలానా ఫోటో తీసి పంపాలి, ఫోటో లేకపోతే ఆ ట్రిప్పు కిరాయి కలపం. బిల్లు ఫోటో మీదే కొడతాం, కాగితం తర్వాత వచ్చి ఫైల్లో చేరుతుంది. పీవో నంబర్ లేకుండా ఆర్డర్ సిస్టమ్‌లోకి ఎక్కకుండా గడి తప్పనిసరి చేశాం. సేల్స్ వాళ్లు మొదటి వారం "0000" అని కొట్టి తప్పించుకున్నారు. దాన్నీ ఆపాల్సి వచ్చింది. బిల్లులు ఇప్పుడు రోజూ కొడుతున్నాం.

మొదటి రెండు వారాల్లో దెబ్బ తిన్నాం. చలానా మీద కస్టమర్ "2 తక్కువ" అని మూలన రాసింది ఫోటోలో మసకగా వచ్చింది, మావాళ్లు పూర్తి సంఖ్యకు బిల్లు కొట్టేశారు. అంతకుముందు 50 బిల్లులకు 2 క్రెడిట్ నోట్లు ఉండేవి, ఆ రెండు వారాల్లో 50కి 6 అయ్యాయి. ఇప్పుడు ఫోటోతోపాటు డ్రైవర్ "పూర్తి" లేదా "తక్కువ" అని నొక్కాలి. తక్కువ అంటే బిల్లు ఆగి ఫోన్ వెళ్తుంది. మళ్లీ 2కి వచ్చింది.

కొత్త నెల చలానాలు 50 తీశాను. నెల పూర్తిగా పాతబడలేదు కాబట్టి మాస్టారు తిట్టకముందే 5 రోజుల లెక్కే చూశాను. 5 రోజుల్లోపు వెళ్లినవి అప్పుడు 21, ఇప్పుడు 43. మధ్య విలువ 2 రోజులు. ఒక్కటి ఇంకా బిల్లు కాలేదు, మిగిలిన 49 సగటు 3.1.

---

కిరణ్_సేల్స్ | మంగళవారం, ఉదయం 10:50

సూపర్ మేడమ్! 5.3 రోజులు తగ్గింది, రోజుకు 4 లక్షలు, అంటే నెలకు 21 లక్షలు అదనంగా వస్తుంది. ఏడాదికి రెండున్నర కోట్లు!

---

పద్దు_మాస్టారు | మంగళవారం, ఉదయం 11:35

కిరణ్ గారూ, అది ఒక్కసారే వస్తుంది. గొట్టంలో నిలిచిన నీళ్లు బయటికొచ్చాయి, గొట్టంలోకి వచ్చే నీళ్లు పెరగలేదు. అమ్మకం అంతే, వసూలు అంతే, అయిదు రోజులు ముందుకు జరిగింది. ప్రతి ఏడూ మిగిలేది ఆ 21 లక్షల మీద వడ్డీ. ఓవర్‌డ్రాఫ్ట్ 10 శాతం అనుకుంటే 2 లక్షల 10 వేలు. చిన్నదేమీ కాదు, కానీ రెండున్నర కోట్లని ఎండీ గారికి చెప్పి రాకండి.

---

మాధవి_ఖాతాలు | మంగళవారం, మధ్యాహ్నం 12:10

నా సందేహమూ అక్కడే. బ్యాంకులో అయితే 21 లక్షలూ కనపడలేదు. వసూళ్లన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ముందుకు జరిగింది 12 లక్షల పైచిలుకే. మిగతాది ఏమైంది?

---

వసూళ్ల_వెంకట్ | మంగళవారం, మధ్యాహ్నం 12:40

ఇది నాకు తెలుసు. మీ కస్టమర్లలో నెలకు ఒకేసారి చెల్లించేవాళ్లు ఉంటారు. 25లోపు అందిన బిల్లులు వచ్చే నెలాఖరుకు చెల్లిస్తారు. అలాంటివాళ్లకు బిల్లు 12న పంపినా 7న పంపినా డబ్బు అదే రోజు. వాళ్ల దగ్గర తొందరపడి ఉపయోగం లేదు.

---

పద్దు_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 1:45

సగం నిజం వెంకట్ గారూ. సరుకు నెలంతా సమానంగా వెళ్తుందనుకుందాం. ఆలస్యం 8 రోజులున్నప్పుడు 18వ తేదీ నుంచి దిగిన సరుకు బిల్లు 25 దాటిపోతుంది. 3 రోజులైతే 23 నుంచి దిగినదే దాటుతుంది. అంటే 18 నుంచి 22 దాకా, అయిదు రోజుల సరుకు డబ్బు ఒక్కో నెల ముందు వస్తుంది. మిగతా 25 రోజుల సరుకుకు లాభం సున్నా. 30 రోజుల్లో 5 రోజుల సరుకు, ఒక్కోదానికి 30 రోజుల లాభం, సగటు చూస్తే మళ్లీ అయిదు రోజులే.

కాబట్టి సరుకు సమానంగా వెళ్తే లాభం ఎక్కడికీ పోదు. ఒకే చోట వెళ్తేనే లెక్క మారుతుంది. మాధవి గారూ, నెలకోసారి చెల్లించే మీ కస్టమర్లు సరుకు ఏ తేదీల్లో తీసుకుంటున్నారు?

---

మాధవి_ఖాతాలు | మంగళవారం, సాయంత్రం 4:20

దొరికింది. ఒకే ఒక్క కస్టమర్, మా అమ్మకంలో 40 శాతం. బిల్లు అందాల్సిన గడువు తేదీ 25. వాళ్ల సరుకంతా 1 నుంచి 10లోపే వెళ్తుంది, ఎందుకంటే వాళ్ల ఉత్పత్తి అప్పుడు మొదలవుతుంది. పాత పద్ధతిలో కూడా ఆ బిల్లులు దాదాపు అన్నీ 25లోపే అందేవి. అంటే వాళ్ల దగ్గర మాకు దక్కింది సున్నా. 21.2లో 60 శాతం చూస్తే 12.7 లక్షలు. సరిపోయింది.

---

కిరణ్_సేల్స్ | మంగళవారం, సాయంత్రం 4:45

ఆ పెద్ద కస్టమర్‌ను గడువు తేదీ 12కు మార్చి, అదే నెలాఖరుకు చెల్లించమని అడగొచ్చు కదా? ఇప్పుడు మీ బిల్లులు అప్పటికల్లా వాళ్ల చేతిలో ఉంటున్నాయి.

---

మాధవి_ఖాతాలు | మంగళవారం, సాయంత్రం 5:05

12 అంటే 10న దిగిన సరుకుకు రెండు రోజులే. మా మధ్య విలువే 2, ఆ రోజు సరుకు బిల్లుల్లో సగం దాకా దాటిపోతాయి. 15 అని అడగాలి. మార్కెటింగ్ హెడ్ గారు ఈ మాట ఎత్తితే వాళ్లు రేటు తగ్గించమంటారని భయపడుతున్నారు. వచ్చే వారం మీటింగ్ ఉంది.

---

లారీ_లెక్క | మంగళవారం, రాత్రి 9:30

అక్కా, ఒక్క ఇబ్బంది. కొన్ని గోడౌన్లలో నెట్ రాదు, ఫోటో పోదు. మా వాడొకడు రెండు కిలోమీటర్లు వచ్చాక పంపుతున్నాడు. మీ యాప్‌లో పంపిన టైమే పడుతోంది, తీసిన టైమ్ పడటం లేదు. కిరాయి లెక్కలో వాళ్లకు ఆలస్యం అని పడింది.

---

మాధవి_ఖాతాలు | మంగళవారం, రాత్రి 9:50

అయ్యో, మళ్లీ అదే తప్పు, ఈసారి నేనే చేశాను. తీసిన టైమ్ పట్టుకోమని రేపు యాప్ వాళ్లకు చెబుతాను. ఆ ట్రిప్పుల నంబర్లు నాకు పంపండి తమ్ముడూ, కిరాయి సరిచేయిస్తాను.